రూమ్ వదిలి వెళ్లేటోళ్లు కాగితం రాసి వెళ్లాలి – "మనోళ్లమే కదా" అంటే చాలదు



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. ఊరు వదిలి పట్నంలో రూమ్ తీసుకుని చదువుకుంటున్న ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం ఇది. నలుగురు కలిసి తీసుకున్న ఇంట్లోంచి ఒక్కరు మధ్యలో వెళ్లిపోతే ఏం జరుగుతుంది, ఏం జరగాలి అన్నదే మేము చెప్పబోయేది.

మన దగ్గర జరిగేది అందరికీ తెలుసు. ఒకరికి ఉద్యోగం వస్తుంది, లేదా ఇంట్లో కష్టం వస్తుంది, లేదా కోచింగ్ అయిపోతుంది. రాత్రి బ్యాగు సర్దుకుంటారు. "అన్నా, నేను పోతున్నా, నా అడ్వాన్స్‌లో అద్దె కట్ చేసుకోండి" అని ఒక మెసేజ్ పెడతారు. ఐదో తారీఖున ఓనర్ తలుపు కొట్టి మొత్తం అద్దె అడుగుతాడు. మిగిలిన ముగ్గురు అప్పు చేసి కడతారు. రెండు నెలలకు వెళ్లినోడు ఫోన్ చేసి "నా అడ్వాన్స్ ఏమైంది?" అంటాడు. అక్కడితో ఐదేళ్ల స్నేహం అయిపోతుంది. ఓనర్ ఏమంటాడు? "మీ ఏజెన్సీ పిల్లలకు ఇల్లిస్తే ఇట్లనే ఉంటది" అంటాడు. ఒక్కడు చేసిన పనికి తర్వాత వచ్చే మన పిల్లలందరికీ ఆ గేటు మూసుకుపోతుంది.

అందుకే మా మాట సూటిగా చెప్తున్నాం. ఉమ్మడి రూమ్‌లోంచి వెళ్లే ప్రతి ఒక్కరూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అందులో మూడు విషయాలు తేలాలి: నా అద్దె వాటా ఏ తేదీ వరకు, నా అడ్వాన్స్ ఎవరు ఎప్పుడు ఇస్తారు, నా స్థానంలో ఎవరు వస్తారు. ఈ మూడూ తేల్చకుండా వెళ్లడం స్వేచ్ఛ కాదు, తోటోళ్ల మెడకు బరువు కట్టి వెళ్లడం. అట్లాగే, నోటీసు ఇచ్చి పద్ధతిగా వెళ్లేటోడి డబ్బు పట్టుకుని సతాయించడం కూడా అన్యాయమే. ఈ పోస్టు రెండు వైపులకూ.

"మనోళ్ల మధ్య కాగితమేంది?" అనేవాళ్లకు

ఈ మాట చాలాసార్లు విన్నాం. "మనది మాట మీద బతికే జాతి, కాగితాలు బయటోళ్లవి" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఊళ్లో మాట ఎందుకు నిలబడుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో మాట ఇద్దరి మధ్యే ఉండదు. పట్లా ముందు, పెద్దమనుషుల ముందు, నలుగురూ కూర్చున్న చోట చెప్తారు. రేపు ఎవరైనా మాట తప్పితే "ఆ రోజు నువ్వు ఇట్ల అన్నావు" అని చెప్పడానికి ఊరంతా సాక్షి. ఉట్నూరు దిక్కు రాయ్ సెంటర్లలో పంచాయితీ తేలేదీ అట్లనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు రూమ్‌లో సాక్షి ఎవరు? పక్క ఫ్లాట్ వాళ్లకు మన పేరు కూడా తెలియదు. అక్కడ మాటకు సాక్షి కాగితమే. కాగితం రాయడం అంటే నమ్మకం లేకపోవడం కాదు. ఊరు చేసే పనిని పట్నంలో కాగితంతో చేయించుకోవడం.

చట్టం ఏమంటుందో ముందు తెలుసుకుందాం

నలుగురు కలిసి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టినప్పుడు మనం అనుకునేది ఒకటి, చట్టం అనుకునేది ఒకటి. మనం "నా వాటా మూడు వేలు, అంతవరకే నా బాధ్యత" అనుకుంటాం. కానీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 ప్రకారం, కొందరు కలిసి ఒక మాట ఇస్తే, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, ఎవరిని పట్టుకునైనా మొత్తం అడగొచ్చు. అంటే 12,000 అద్దెను ఓనర్ నలుగురిలో ఒక్కరి దగ్గరే అడిగినా తప్పు కాదు. ఆ ఒక్కరు కట్టి, మిగతావాళ్ల దగ్గర వాళ్ల వాటా వసూలు చేసుకోవాలి. ఎవరైనా ఎగ్గొడితే ఆ నష్టాన్ని మిగిలినవాళ్లు సమానంగా మోయాలి. ఇది కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. వెళ్లేటోడు ఓనర్ దగ్గరకు పోయి మంచిగా మాట్లాడితే, ఓనర్ "సరే బాబు, నువ్వు పో, నీతో నాకు పని లేదు" అంటాడు. వెళ్లేటోడు అయిపోయిందనుకుంటాడు. సెక్షన్ 44 చూడండి. ఒకరిని వదిలేసినంత మాత్రాన మిగిలినవాళ్ల బాధ్యత పోదు. వదిలేయబడినవాడు కూడా తన తోటివాళ్లకు బాకీ లేకుండా పోడు. ఓనర్ మాఫీ చేసింది తన తరఫున మాత్రమే. తోటి ముగ్గురికి ఇవ్వాల్సింది అట్లనే ఉంటుంది.

కాబట్టి నోటీసు ఒక్క ఓనర్‌కు ఇస్తే సరిపోదు, ఒక్క రూమ్‌మేట్లకు ఇచ్చినా సరిపోదు. ఇద్దరికీ ఇవ్వాలి. ఓనర్‌తో లెక్క వేరు, తోటోళ్లతో లెక్క వేరు.

ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి?

ముందు అగ్రిమెంట్ తీసి చదవండి. మన రూములకు ఎక్కువగా 11 నెలల అగ్రిమెంట్ ఉంటుంది, అందులో సాధారణంగా "ఒక నెల ముందు తెలపాలి" అని రాసి ఉంటుంది. రెండు నెలలు అని ఉంటే రెండు నెలలే. గడువు పూర్తయ్యేదాకా వదలకూడదు అని ఉంటే, ఓనర్‌ను ఒప్పించి రాయించుకోకుండా బయటపడలేరు.

అసలు అగ్రిమెంటే లేకుండా నెలనెలా అద్దె కడుతున్నారా? అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 వర్తిస్తుంది. అది నెలవారీ అద్దె కింద లెక్క. ఓనర్ అయినా, అద్దెకున్నవాళ్లయినా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రాసి ఉండాలి, సంతకం ఉండాలి. ఆ 15 రోజులు రాసిన రోజు నుంచి కాదు, అవతలివాళ్లకు అందిన రోజు నుంచి లెక్క. అందుకే అందినట్టు రుజువు ముఖ్యం. రెండు కాపీలు రాయండి. ఒకటి చేతికిచ్చి, రెండోదాని మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. ఓనర్ సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. దాంతో పాటు ఫోటో తీసి మెసేజ్ కూడా పెట్టండి. కానీ మెసేజ్ ఒక్కటే పెట్టి నోటీసు ఇచ్చాననుకోవద్దు.

ఒక జాగ్రత్త. నోటీసులో "మేము ఇల్లు ఖాళీ చేస్తున్నాం" అని పొరపాటున కూడా రాయొద్దు. ఆ ఒక్క "మేము" పట్టుకుని ఓనర్ మిగతా ముగ్గురినీ బయటకు పొమ్మనే అవకాశం ఉంది. "నేను ఒక్కణ్ణే వెళ్తున్నాను, మిగిలినవారు అదే అగ్రిమెంట్ మీద కొనసాగుతారు" అని స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం

మాటలతో కాకుండా అంకెలతో చూస్తే తేటగా ఉంటుంది. ఉదాహరణకు నలుగురు తమ్ముళ్లు అనుకోండి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు నుంచి వచ్చారు. రెండు గదుల ఇల్లు, అద్దె 12,000. మనిషికి 3,000. అడ్వాన్స్ రెండు నెలలది 24,000, మనిషికి 6,000. అగ్రిమెంట్ జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు 11 నెలలు, నలుగురి సంతకాలూ ఉన్నాయి. ఒక నెల నోటీసు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని కూడా అందులో రాసి ఉంది.

ఉట్నూరు తమ్ముడికి ఒక గురుకులంలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. అక్టోబర్ మొదటి వారంలో చేరాలి. సెప్టెంబర్ 20న నోటీసు ఇచ్చాడు. నెల లెక్కన అక్టోబర్ 20తో గడువు అయిపోతుంది. కానీ ఓనర్ అద్దె తీసుకునేది నెల మొత్తానికి. ఆ మిగతా 11 రోజులు ఎవరు కట్టాలి? వెళ్లేటోడే కట్టాలని మేమంటాం. ఎందుకంటే ఆ ఖాళీ వచ్చింది అతని నిర్ణయం వల్ల, ఆ ముగ్గురి వల్ల కాదు. కాబట్టి నోటీసులో "అక్టోబర్ 31 వరకు నా వాటా నాదే, అంతకంటే ముందే కొత్త మనిషి వస్తే ఆ ముందు రోజు వరకే" అని రాశాడు. ఇది న్యాయమైన గీత.

"నేను అక్టోబర్ 3నే పోతున్నా కదా, పడుకోని రాత్రికి అద్దె ఎందుకు కట్టాలి?" అని అడిగేవాళ్లు ఉంటారు. తమ్ముడూ, అద్దె నీ నిద్రకు కాదు. నువ్వు కూడా ఉంటానని నమ్మి ఆ ముగ్గురు 12,000 ఇంటికి సంతకం పెట్టారు. లేకపోతే 9,000 ఇల్లే చూసుకునేవాళ్లు.

అదృష్టం బాగుండి కొత్త తమ్ముడు దొరికి అక్టోబర్ 16న దిగాడు. అక్టోబర్‌కు 31 రోజులు. మొదటి 15 రోజులకు వెళ్లేటోడి వాటా 1,452. మిగతా 16 రోజులకు కొత్తవాడి వాటా 1,548. రెండూ కలిపితే 3,000. మిగిలిన ముగ్గురి మీద ఒక్క రూపాయి కూడా పడలేదు.

అడ్వాన్స్ దగ్గరే అసలు గొడవ

అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉంది? ఓనర్ దగ్గర. రూమ్‌మేట్ల దగ్గర లేదు. ఇది చిన్న మాటే, కానీ గొడవలన్నీ దీన్ని మర్చిపోవడం వల్లే. "నా అడ్వాన్స్‌లో అద్దె కట్ చేసుకోండి" అని వెళ్లినోడు చాలా ఉదారంగా చెప్పాననుకుంటాడు. ఓనర్ మధ్యలో కట్ చేసుకోడు. ఇల్లు మొత్తం ఖాళీ అయినప్పుడే లెక్క చూస్తానంటాడు. అంటే ఆ ముగ్గురు అక్టోబర్, నవంబర్ నెలలకు చేతి డబ్బు పెట్టి, మే నెలలో వచ్చే అడ్వాన్స్ కోసం ఎదురుచూడాలి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని పిల్లల దగ్గర ఆరు నెలల అప్పు తీసుకున్నట్టే ఇది. అడిగి తీసుకుంటే అప్పు. అడగకుండా తీసుకుంటే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

అందుకే సరైన దారి ఒక్కటే. కొత్తగా వచ్చే మనిషి తన అడ్వాన్స్ వాటా ఇస్తాడు, అది వెళ్లేటోడికి చేరుతుంది. ఓనర్ దగ్గర ఉన్న 24,000 అట్లనే ఉంటుంది, అందులో వాటాదారు మారతాడు.

మరి కొత్తవాడు 6,000 మొత్తం ఇవ్వాలా? ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. పెయింటింగ్ కోత గుర్తుందా? ఏప్రిల్ చివర ఓనర్ 24,000లో 12,000 పట్టుకుని 12,000 తిరిగిస్తాడు. మనిషికి 3,000 కోత. వెళ్లేటోడు ఇప్పుడు 6,000 పూర్తిగా తీసుకుంటే, తను నాలుగున్నర నెలలు వాడిన గోడల ఖర్చు కూడా కొత్తవాడి నెత్తిన పడుతుంది.

న్యాయంగా చూస్తే ఆ 3,000ను 11 నెలలకు పంచాలి. వెళ్లేటోడు ఉన్నది నాలుగున్నర నెలలు, అతని భాగం 1,227. కొత్తవాడు ఉండేది ఆరున్నర నెలలు, అతని భాగం 1,773. కాబట్టి కొత్తవాడు ఇవ్వాల్సింది 6,000లో 1,227 తీసేసి 4,773. ఏప్రిల్ చివర అతనికి 3,000 తిరిగి వస్తుంది. అతనికి పడ్డ ఖర్చు 1,773, సరిగ్గా తన భాగం. వెళ్లేటోడి కరెంటు బిల్లు వాటా 260 బాకీ ఉందనుకుందాం. అది ఆ ముగ్గురికి కట్టేస్తే, అతని చేతికి మిగిలేది 4,513.

అగ్రిమెంట్‌లో పెయింటింగ్ మాట లేకపోతే ఈ కోత లేదు, 6,000 పూర్తిగా చేతులు మారాలి. కిటికీ అద్దం పగలడం లాంటి నష్టం ఏదైనా ఉంటే, వెళ్లే రోజునే అందరూ కలిసి చూసి, గోడలకు, సామానుకు ఫోటోలు తీసి, ఎవరి ఖాతాలో ఎంత అని అప్పుడే రాసుకోవాలి. కరెంటు మీటర్ రీడింగ్‌కు కూడా అదే రోజు ఫోటో తీయాలి. ఆరు నెలల తర్వాత "ఆ గీత నువ్వే గీశావు" అంటే ఎవరూ తేల్చలేరు.

కొత్త మనిషి విషయంలో ఎవరి హక్కు ఎంత?

ఇక్కడ ఉండిపోయేవాళ్లను అడగాల్సింది ఉంది. "నీ బదులు మనిషిని తెచ్చి పో" అంటారు. సరే, న్యాయమే. ఒకరిని తెస్తాడు. "వాడు రాత్రంతా ఫోన్ మాట్లాడతాడు" అంటారు. ఇంకొకరిని తెస్తాడు. "వాడిది మా జిల్లా కాదు" అంటారు. మూడో మనిషిని తెస్తాడు. "మా బంధువు వస్తానన్నాడు, ఆగు" అంటారు. ఆ బంధువు ఎప్పటికీ రాడు. ఈ లోపల వెళ్లేటోడు ఇక్కడ మూడు వేలు, కొత్త ఊళ్లో ఇంకో అద్దె, రెండూ కడుతుంటాడు. ఇది కూడా దోపిడీయే. మనోళ్లు చేస్తే వేరే పేరు రాదు.

మా ప్రతిపాదన ఇది. రూమ్‌లో దిగిన రోజే నలుగురూ ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. వెళ్లేటోడు మనిషిని చూపించాలి. ఉండేవాళ్లు మూడు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. కాదంటే కారణం చెప్పాలి. అద్దె కట్టగలిగి, ఇంటి నియమాలకు ఒప్పుకున్న ఇద్దరిని వద్దంటే, ఆ తర్వాత ఖాళీ భారం ఉండేవాళ్లదే. ఎవరినీ చూపించకపోతే నోటీసు గడువు ఉన్న నెల చివరి వరకు వెళ్లేటోడి వాటా అతనిదే. ఇదేదీ చట్టం రాసిపెట్టిన నియమం కాదు, మనలో మనం చేసుకునే ఒప్పందం. సంతకాలు పెడితే మన మధ్య అదే లెక్కకు వస్తుంది.

ఎవరూ దొరకకపోతే? అప్పుడు నవంబర్ నుంచి ముగ్గురూ 4,000 చొప్పున కట్టాలి. వెళ్లినోడి అడ్వాన్స్ వాటా ఓనర్ దగ్గరే ఉంటుంది, ఇల్లు ఖాళీ అయినప్పుడు కోతలు పోను అతనికి పంపాలి. అతను లేని నెలల అద్దె కింద దాన్ని ముగ్గురూ తమంతట తాము తినేయడానికి వీల్లేదు. నెల మొత్తం నోటీసు ఇచ్చి, వాటా కట్టి వెళ్లినవాడి డబ్బు అది.

ఓనర్ సంతకం లేకుండా మాత్రం కొత్త మనిషిని దింపొద్దు. చాలా అగ్రిమెంట్లలో "ఓనర్ అనుమతి లేకుండా వేరేవారికి ఇవ్వరాదు" అని ఉంటుంది. ఆ ఒక్క కారణం చూపి అందరినీ ఖాళీ చేయించవచ్చు. కొత్తవాడి ఆధార్ జిరాక్స్ ఇచ్చి, అగ్రిమెంట్ వెనకనో వేరే కాగితం మీదనో రెండు వాక్యాలు రాయించుకోండి. ఫలానా తేదీ నుంచి ఇతని స్థానంలో ఇతను ఉంటాడు. అడ్వాన్స్ 24,000లో వెళ్లినతని వాటా ఇకనుంచి కొత్తగా వచ్చినతనిది. ఈ సంతకం పడ్డాకే కొత్తవాడు డబ్బు ఇవ్వాలి. ముందే ఇస్తే, రేపు ఓనర్ "నువ్వెవరో నాకు తెలియదు" అంటే అడగడానికి ఏమీ ఉండదు.

అగ్రిమెంట్ ఒక్కడి పేరు మీదే ఉంటే

మన రూముల్లో చాలావాటి పరిస్థితి ఇదే. నలుగురు ఉంటారు, అగ్రిమెంట్ మాత్రం ముందుగా వచ్చి ఇల్లు చూసిన సీనియర్ పేరు మీద. అడ్వాన్స్ కూడా అతని ఫోన్ నుంచే పోయింది. ఓనర్ దృష్టిలో అద్దెకున్నది అతనొక్కడే. మిగతా ముగ్గురు అతనితో ఉంటున్నవాళ్లు, అంతే.

అతను కాకుండా మిగిలిన ముగ్గురిలో ఒకరు వెళ్తే లెక్క అంతా ఆ సీనియర్‌తోనే. నోటీసు అతనికి ఇవ్వాలి, ఓనర్‌కు తెలపాలి. కానీ ఆ సీనియరే వెళ్తే? అప్పుడు మిగిలిన ముగ్గురికీ ఆ ఇంట్లో ఉండే హక్కే ప్రశ్నలో పడుతుంది. అడ్వాన్స్ కూడా ఓనర్ అతనికే తిరిగి ఇస్తాడు. కాబట్టి పేరున్న సీనియర్ వెళ్లాలనుకుంటే ముందు ఓనర్‌తో కూర్చుని, ఉండేవాళ్ల పేర్ల మీద కొత్త అగ్రిమెంట్ రాయించి, పాత అడ్వాన్స్ కొత్త అగ్రిమెంట్‌లోకి వచ్చినట్టు అంకె వేయించాలి. ఆ తర్వాతే తన వాటా తీసుకుని బయలుదేరాలి. ఇప్పటికే ఇట్లా ఉంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ సీనియర్‌కు ఇచ్చిన అడ్వాన్స్‌కు ఈ వారంలోనే రసీదు రాయించుకోండి. ఆయన మంచోడే కావచ్చు. రసీదుతో ఆయన మంచితనం తగ్గదు.

నోటీసు ఇట్లా రాయండి

పెద్ద భాష అక్కర్లేదు. పైన చెప్పిన లెక్కకే నమూనా ఇస్తున్నాం. పేర్లు, తేదీలు, అంకెలు మీవి వేసుకోండి.

"తేదీ: సెప్టెంబర్ 20. ఇంటి యజమాని గారికి, నాతో కలిసి ఉంటున్న ముగ్గురు మిత్రులకు. జూన్ 1 నాటి అగ్రిమెంట్ ప్రకారం ఈ ఇంట్లో నలుగురం కలిసి ఉంటున్నాం. ఉద్యోగం వచ్చినందున నేను ఒక్కణ్ణి ఈ ఇంటి నుంచి వెళ్తున్నాను. మిగిలిన ముగ్గురు అదే అగ్రిమెంట్ మీద కొనసాగుతారు. ఇది ఇల్లు మొత్తం ఖాళీ చేసే నోటీసు కాదు.

నా అద్దె వాటా నెలకు 3,000. అక్టోబర్ 31 వరకు నేనే కడతాను. అంతకు ముందే నా స్థానంలో వేరొకరు వస్తే, వారు దిగే ముందు రోజు వరకు కడతాను. నేను వెళ్లే రోజు వరకు కరెంటు బిల్లులో నా వాటా కూడా ఇస్తాను.

మీ దగ్గర ఉన్న 24,000 అడ్వాన్స్‌లో నా వాటా 6,000. నా స్థానంలో వచ్చేవారు పెయింటింగ్ భాగం పోను మిగిలింది నాకు ఇస్తారు. ఎవరూ రాకపోతే, ఇల్లు ఖాళీ అయిన రోజు లెక్క చూసి నాకు రావాల్సింది నా ఖాతాకు పంపగలరు.

నా స్థానంలో రాగలవారిని అక్టోబర్ 10 లోపు చూపిస్తాను. చూపించిన మూడు రోజుల్లో మీ అంగీకారం గానీ, వద్దంటే కారణం గానీ తెలపగలరు. నా తాళంచెవి వెళ్లే రోజున మిత్రులకు అప్పగిస్తాను. సంతకం, ఫోన్ నంబర్."

ఇంతే. ఒక పేజీ కూడా నిండదు. రాయడానికి అరగంట పట్టదు.

మాట వినకపోతే?

వెళ్లినోడు వాటా ఎగ్గొట్టినా, ఉండేవాళ్లు అడ్వాన్స్ తిననిచ్చినా, ఓనర్ ఏవేవో కోతలు చెప్పి మొత్తం మింగినా, "ఆరు వేల కోసం కోర్టుకు ఎక్కడ పోతాం" అని వదిలేస్తున్నాం. కానీ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ తీసుకుని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోండి, లేదా 15100 నంబర్‌కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో అవతలివాళ్లను పిలిపించి రాజీ చేయమని అడగొచ్చు. దానికి కోర్టు ఫీజు లేదు. అక్కడ వాళ్లు మొదట అడిగేది "కాగితం ఏముంది?" అని. నోటీసు కాపీ, డబ్బు పంపిన ఫోన్ వివరాలు, మీటర్ ఫోటో ఉంటే మాట్లాడటానికి ఏదో ఉంటుంది. ఏమీ లేకపోతే మీ మాట, వాళ్ల మాట రెండే మిగులుతాయి.

చివరిగా ఒక్క మాట. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి, కాఫీ గింజల డబ్బుల్లోంచి, అమ్మ కూలి డబ్బుల్లోంచి వచ్చింది ఆ 6,000. దాన్ని మనోడే పోగొడితే, బయటోడు దోచుకున్నాడని మీటింగుల్లో మాట్లాడే నోరు మనకు ఎక్కడిది?

ఈ నెల వెళ్లబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రాత్రే కాగితం రాయండి. ఉండిపోయేవాళ్లు దాన్ని గౌరవంగా తీసుకుని సంతకం పెట్టి ఇవ్వండి. మీ రూమ్ లెక్కలో సందేహం ఉంటే పేర్లు రాయకుండా అంకెలు మాత్రం కింద రాయండి, కూర్చుని లెక్క చూద్దాం. ఎవరినీ తిట్టొద్దు, ఏ ఓనర్ పేరూ పెట్టొద్దు.

జై ఆదివాసీ.